విశాఖ జనాభా 2001 నుంచి 2011కి ఎంత శాతం పెరిగింది? ముగ్గురు పిల్లలు మూడు జవాబులు తెచ్చారు

గోపాలపట్నం టీచర్
అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలతో 'మన విశాఖ' అని గోడ చార్టు చేయిస్తున్నాను. అందులో ఊరి జనాభా ఎంత శాతం పెరిగింది, ఏడాదికి సగటున ఎంత పెరిగింది అని ఒక పెట్టె ఉంది. పని ముగ్గురు పిల్లలకి అప్పగించాను. ముగ్గురూ మూడు అంకెలు పట్టుకొచ్చారు.

ఒక పాప 2001లో 9,82,904, 2011లో 17,28,128 అని రాసి, పెరుగుదల 75.8 శాతం అంది. ఇంకో బాబు 2001లో 13,45,938 అంటాడు, 2011కి అదే 17,28,128. వాడి లెక్కలో 28.4 శాతం. మూడో పాప 11.96 శాతం అని రాసింది, వాళ్ల నాన్నగారు చూపించారట. నేను మూడూ క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూశాను. తీసివేతలోగానీ భాగహారంలోగానీ ఎవరూ తప్పు చెయ్యలేదు. మరి ముగ్గురిలో ఎవరిది రాయాలి? సోమవారానికి చార్టు అయిపోవాలి, పిల్లలు అడుగుతుంటే కాస్త టెన్షన్‌గా ఉంది.

రాజు బ్యాంక్ ప్రిపరేషన్
మేడమ్, శాతం సంగతి సింపుల్. కొత్తదాంట్లోంచి పాతది తీసేసి, పాతదానితో భాగించి, నూరుతో గుణించడమే. రెండో అబ్బాయిది 28.4 వచ్చింది కదా, పదేళ్లు కాబట్టి పదితో భాగించండి. ఏడాదికి 2.84 శాతం. మేం పరీక్షల్లో ఇలాగే చేస్తాం, నిమిషం కూడా పట్టదు.

మొదటి పాపది 75.8 అంటే ఏడాదికి 7.58. విశాఖ లాంటి పెద్ద ఊరికి అది మరీ ఎక్కువ. కాబట్టి ఆ అంకె తప్పు అయ్యుంటుంది.

పాత ఎన్యూమరేటర్, గాజువాక
అమ్మా, ఆ అంకె తప్పు కాదు. ఆ మూడూ జనగణన అంకెలే. పిల్లలు మూడు వేరు వేరు ఊళ్లు లెక్కపెట్టారు, అంతే తేడా.

నేను స్కూలు ఉద్యోగంలో ఉండగా 1991లో, 2001లో ఎన్యూమరేటర్‌గా తిరిగాను. 2011లో సూపర్‌వైజర్‌ని. 2001లో నాకిచ్చిన బ్లాకు గాజువాకలో. అప్పుడు గాజువాక వేరే మున్సిపాలిటీ. నా పుస్తకం అట్ట మీద కూడా ఊరి పేరు గాజువాక అనే రాశాను. ఆ బ్లాకులో ఉన్నవాళ్లెవరూ విశాఖ కార్పొరేషన్ లెక్కలోకి రాలేదు. 2005 నవంబరులో గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలని పాత కార్పొరేషన్‌లో కలిపి గ్రేటర్ విశాఖ మున్సిపల్ కార్పొరేషన్, అంటే జీవీఎంసీ చేశారు. 2011లో నేను మళ్లీ అదే వీధికి వెళ్లాను. అవే మేడలు, అదే రేకుల షెడ్డు, మూల మీద అదే కిరాణా కొట్టు. అట్ట మీద మాత్రం ఈసారి జీవీఎంసీ అని రాశాను. ఆ వీధిలో మనుషులు ఎక్కణ్ణుంచీ వలస రాలేదు. పొలిమేర వాళ్ల దగ్గరికి నడిచి వచ్చింది.

ఇప్పుడు మీ మొదటి పాప లెక్క చూడండి. 9,82,904 పాత కార్పొరేషన్‌ది. 17,28,128 జీవీఎంసీది. పాత పొలిమేర లోపలున్న జనాన్ని కొత్త పొలిమేర లోపలున్న జనంతో పోల్చింది. అందుకే 75.8 వచ్చింది. దాన్ని 'కార్పొరేషన్ జనాభా పెరిగింది' అంటే అబద్ధం కాదు. 'ఊళ్లో మనుషులు పెరిగారు' అంటే మాత్రం తప్పు.

రెండో బాబు తెచ్చిన 13,45,938 అనేది 2001లో విశాఖ పట్టణ సముదాయం మొత్తం. కార్పొరేషన్‌తోపాటు దానికి ఆనుకుని పెరిగిన గాజువాక వగైరా కలిపి లెక్కపెట్టినది. ఆ విస్తీర్ణం 2011 నాటి జీవీఎంసీకి దగ్గరగా ఉంటుంది. కాబట్టి పోలిక పెడితే ఈ రెంటి మధ్యే పెట్టాలి. మూడో పాపది జిల్లా. ఉమ్మడి విశాఖ జిల్లా 38,32,336 నుంచి 42,90,589కి వచ్చింది, అది 11.96 శాతం. పాడేరు, అరకు, నర్సీపట్నం అన్నీ అందులోనే.

ఇక ఏడాది సగటు గురించి రాజు బాబు చెప్పింది సగమే సరి. సాయంత్రం తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు రైతుబజారుకి వెళ్లాలి.

మర్రిపాలెం సుబ్బలక్ష్మి
నాకో సందేహం అండి. మా అపార్టుమెంటులో 24 ఇళ్లు. ఒక్క ఇంట్లో కూడా ఇద్దరికి మించి పిల్లల్లేరు, సగం ఇళ్లలో ఒక్కరే. మా అత్తగారి కాలంలో ఇంటికి ఆరుగురు. మరి 28 శాతం పెరిగింది అంటే ఎలా నమ్మేది? ఈ జనగణనవాళ్లు సరిగ్గానే రాశారా?

పాత ఎన్యూమరేటర్, గాజువాక
సుబ్బలక్ష్మి గారూ, మీరు పుట్టినవాళ్లని మాత్రమే చూస్తున్నారు. ఊరి పెరుగుదల అంటే పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు, నాలుగూ కలిసిన లెక్క. మీ 24 ఇళ్లలో విశాఖలోనే పుట్టిన పెద్దవాళ్లు ఎందరో ఒకసారి అడిగి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ తేలతారు. రేవుకి, స్టీల్ ప్లాంటుకి, చదువులకి, ఆసుపత్రులకి వచ్చి ఉండిపోయిన కుటుంబాలు. ఇంటికి పిల్లలు తగ్గినా కొత్త ఇళ్లు లేస్తూనే ఉంటే ఊరి జనాభా పెరుగుతుంది.

మర్రిపాలెం సుబ్బలక్ష్మి
నిజమే, మాది ఆమదాలవలస. పక్కింటివాళ్లది పార్వతీపురం. నేనే ఆ లెక్కలో ఉన్నానన్న సంగతి తట్టలేదు.

రాజు బ్యాంక్ ప్రిపరేషన్
సర్, సగమే సరి అన్నారు. 28.4ని పదితో భాగిస్తే 2.84 రావడంలో తప్పేముంది?

పాత ఎన్యూమరేటర్, గాజువాక
భాగహారంలో తప్పు లేదు బాబూ. నువ్వు బారువడ్డీ లెక్క కట్టావు, జనాభా నడిచేది చక్రవడ్డీలో.

అప్పు ఇచ్చినప్పుడు బారువడ్డీ అయితే ప్రతి ఏడాదీ మొదటి అసలు మీదే వడ్డీ. చక్రవడ్డీ అయితే నిరుడు వచ్చిన వడ్డీ కూడా అసల్లో కలిసిపోయి, దాని మీద కూడా వడ్డీ పుడుతుంది. ఊరు కూడా అంతే. 2002లో వచ్చిన కుటుంబం 2005లో పిల్లల్ని కంటుంది, 2007లో తమ్ముణ్ణి పిలిపించుకుంటుంది. పెరిగినది మళ్లీ పెరుగుతుంది. 'ఏడాదికి ఫలానా శాతం' అంటే వినేవాడికి అర్థమయ్యేది, ఆ ఏడాది మొదట్లో ఉన్న జనం మీద అంత శాతం అని.

నీ 2.84ని నువ్వే పరీక్షించుకో. 13,45,938ని 1.0284తో గుణించు, వచ్చినదాన్ని మళ్లీ 1.0284తో, అలా పదిసార్లు. చివరికి 17 లక్షల 81 వేలు వస్తుంది. జనగణన చెప్పినది 17 లక్షల 28 వేలు. దగ్గర దగ్గర 53 వేలమంది ఎక్కువ తేలారు. వాళ్లు ఏ ఇంట్లోనూ లేరు. కాబట్టి రేటు 2.84 కన్నా తక్కువే ఉండాలి.

సరైనది రావాలంటే, ఏ సంఖ్యతో పదిసార్లు గుణిస్తే 13,45,938 సరిగ్గా 17,28,128 అవుతుందో ఆ సంఖ్య పట్టుకోవాలి. ముందు పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే 1.28396. దీనికి పదో మూలం కావాలి. మా రోజుల్లో లాగరిథమ్ పుస్తకం తీసేవాళ్లం. 1.28396కి లాగ్ 0.10855. పదితో భాగిస్తే 0.010855. ఆంటీలాగ్ చూస్తే 1.0253. అంటే ఏడాదికి 2.53 శాతం. నువ్వు చేసినట్టే పదితోనే భాగించాను, కాకపోతే శాతాన్ని కాదు, లాగ్‌ని.

మధురవాడ కిరణ్
లాగ్ పుస్తకం ఇప్పుడు ఎవరింట్లోనూ ఉండదు కాబట్టి షీట్‌లో ఎలా చెయ్యాలో పెడుతున్నా. B1లో 2001 అంకె, B2లో 2011 అంకె వేసి:

```
=(B2/B1)^(1/10)-1
=RRI(10,B1,B2)
```

రెండూ ఒకే జవాబు ఇస్తాయి, 0.0253. సెల్‌ని శాతంలోకి మార్చుకుంటే 2.53% అని కనిపిస్తుంది. మొదటి ఫార్ములాలో 1/10 చుట్టూ బ్రాకెట్లు మర్చిపోతే షీట్ తప్పని చెప్పదు, నిశ్శబ్దంగా వేరే జవాబు ఇచ్చేస్తుంది. ముందు ఒకటో ఘాతం చేసి తర్వాత పదితో భాగిస్తుంది కాబట్టి మైనస్‌లో ఏదో వస్తుంది. ఊరు పెరిగిందని తెలిసినప్పుడు మైనస్ కనిపిస్తే బ్రాకెట్లే చూసుకోండి.

రాజు బ్యాంక్ ప్రిపరేషన్
అర్థమైంది సర్. కానీ 2.84కి 2.53కి తేడా ఎంత? పావు శాతం పైన కొంచెం. పరీక్షలో ఆప్షన్లు దూరం దూరంగా ఉంటాయి, చార్టు మీద కూడా ఎవరు పట్టించుకుంటారు?

పాత ఎన్యూమరేటర్, గాజువాక
పదేళ్లకి అంత. సంవత్సరాలు పెరిగేకొద్దీ ఆ తేడా ముదురుతుంది. 1901లో విశాఖ జనాభా 40,892. 1951లో 1,08,042. యాభై ఏళ్లలో 164 శాతం పెరిగింది. నీ పద్ధతిలో యాభైతో భాగిస్తే ఏడాదికి 3.28. చక్రవడ్డీ లెక్కలో 1.96. ఇప్పుడు నీ జవాబు అసలుదానికి ఒకటిన్నర రెట్లు దాటిపోయింది.

ఇంకో సంగతి కూడా ఈ యాభై ఏళ్లలోనే కనబడుతుంది. 1.96 అనగానే ఊరు ఏటా అలా సమంగా పెరిగిందనుకుంటాం. 1941 అంకె మధ్యలో పెట్టి చూడు. అప్పుడు 70,243. అంటే మొదటి నలభై ఏళ్లు ఏడాదికి 1.36 చొప్పున నెమ్మదిగా నడిచింది. చివరి పదేళ్లు మాత్రం ఏడాదికి 4.4 చొప్పున ఉరికింది. 1933లో రేవు తెరుచుకుంది, తర్వాత యుద్ధం పనులు, నౌకల కార్ఖానా. సగటు 1.96 అనే రేటుతో ఊరు ఎంతకాలం నడిచిందో నేను చెప్పలేను, బహుశా ఎప్పుడూ నడవలేదేమో. మొదటి అంకెనీ చివరి అంకెనీ కలిపే వంతెన అది. మధ్యలో నది ఎలా పారిందో వంతెన చెప్పదు.

ఎంవీపీ టిఫిన్ యాప్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఈ చర్చ చదువుతుంటే మా సంగతి గుర్తొచ్చి గుండె గుభేలుమంది. నేనూ మా బావమరిదీ చిన్న టిఫిన్ డెలివరీ యాప్ నడుపుతున్నాం. లోను కోసం ఒక బ్యాంకుకి కాగితం ఇవ్వాలి, అందులో 'వినియోగదారుల సగటు వార్షిక వృద్ధి' అని ఒక గడి ఉంది. ప్రతి ఏడాదీ మార్చి నెలాఖరు అంకెలు ఇవి: 2021లో 2,000. 2022లో 3,200. 2023లో 4,000. 2024లో మళ్లీ 3,200కి పడిపోయాం. 2025లో 3,840.

మా బావమరిది ఏడాది ఏడాది శాతాలు తీశాడు. 60, 25, మైనస్ 20, ప్లస్ 20. కూడి నాలుగుతో భాగించి 21.25 అన్నాడు. నేను మీరు చెప్పిన పద్ధతిలో చేస్తే 13.9 వచ్చింది. ఇద్దరికీ ఇంత తేడా ఎందుకొచ్చింది?

మధురవాడ కిరణ్
అన్నా, ఇద్దరిదీ తప్పే, చెరో వైపు.

ముందు మీ బావమరిది లెక్క. మైనస్ 20, ప్లస్ 20 కలిపితే సున్నా అనుకుంటున్నాడు. మీ అంకెల్లోనే చూడండి. 4,000లో 20 శాతం పోతే 800 మంది పోయారు. తర్వాత 20 శాతం వచ్చింది అన్నది 3,200 మీద. 640 మందే వచ్చారు. పడినంత లేవలేదు. 21.25ని పరీక్షించండి: 2,000ని 1.2125తో నాలుగుసార్లు గుణిస్తే 4,323 వస్తుంది. మీ దగ్గర ఉన్నది 3,840. శాతాలకి సగటు తీస్తే ఎప్పుడూ ఇలా పైకే తేలుతుంది. ఏడాదికీ ఏడాదికీ ఊపు ఎంత ఎక్కువ ఉంటే అంత పైకి.

ఇక మీది. 3,840 బై 2,000 అంటే 1.92. మీరు దానికి ఐదో మూలం తీసినట్టున్నారు, ఐదు సంవత్సరాల పేర్లు ఉన్నాయి కాబట్టి. కానీ 2021 మార్చి నుంచి 2025 మార్చికి గడిచినవి నాలుగేళ్లే. కంచెకి ఐదు రాటలు పాతితే మధ్యలో సందులు నాలుగు. నాలుగో మూలం తీస్తే 17.7 శాతం. 2,000ని 1.177తో నాలుగుసార్లు గుణించి చూడండి, 3,840 దగ్గరికి వచ్చి ఆగుతుంది.

ఎంవీపీ టిఫిన్ యాప్
వచ్చింది తమ్ముడూ, 3,838! చాలా థాంక్స్. 17.7 అని రాసేస్తాను.

పాత ఎన్యూమరేటర్, గాజువాక
ఒక్క నిమిషం ఆగండి. రాసే ముందు ఒకటి అడుగుతాను. 2021లో ఆ 2,000 మంది ఎవరు? 2025లో 3,840 మంది ఎవరు? లెక్కపెట్టిన తీరు రెండుసార్లూ ఒకటేనా?

ఎంవీపీ టిఫిన్ యాప్
ఇది మీరు అడిగాక పాత నోటుబుక్కు తీశాను. 2021లో యాప్ లేదు, వాట్సాప్‌లో ఆర్డర్లు. ఆ మార్చిలో కనీసం ఒక్కసారైనా టిఫిన్ తెప్పించుకున్నవాళ్లని పేరు పేరునా రాసుకున్నాం. 2022 నుంచి యాప్ వచ్చింది. అప్పట్నుంచి ఫోన్ నంబరుతో రిజిస్టర్ అయినవాళ్ల అంకె వేస్తున్నాం. 2024లో తగ్గడానికి కారణం, రెండు నంబర్లతో ఉన్నవాళ్లని ఏరి తీసేశాం.

పాత ఎన్యూమరేటర్, గాజువాక
అయితే మీకూ పొలిమేర జరిగింది. 2021 అంకె తిన్నవాళ్లది, 2022 అంకె పేరు నమోదు చేసుకున్నవాళ్లది. ఆ 60 శాతం పెరుగుదలలో ఎంత నిజమో, ఎంత పుస్తకం మార్పో ఇప్పుడు విడదీయలేరు. 2024లో 20 శాతం తగ్గుదల కూడా మనుషులు వెళ్లిపోయినది కాదు, మీరు పుస్తకం శుభ్రం చేసినది. ఫార్ములా ఎంత సరిగ్గా వేసినా ఈ తప్పు దానికి దొరకదు.

నా మాట వింటే ప్రతి మార్చిలోనూ కనీసం ఒక్క ఆర్డరు పెట్టినవాళ్లు ఎంతమందో అన్ని ఏళ్లకీ తీయండి. యాప్‌లో ఆర్డర్ల చిట్టా ఉంటుంది కదా. 2021 నోటుబుక్కు ఎలాగూ అదే లెక్క. అప్పుడు రెండు చివరలూ ఒకే కొలతతో ఉంటాయి.

ఎంవీపీ టిఫిన్ యాప్
చిట్టా ఉంది. 2022 మార్చిది మాత్రం సర్వర్ మార్చినప్పుడు పోయింది.

మధురవాడ కిరణ్
పోయినా ఫర్వాలేదన్నా. సగటు రేటుకి కావాల్సింది మొదటిదీ చివరిదీనే. మధ్య ఏడాది లేకపోయినా జవాబు మారదు.

కంచరపాలెం స్టాట్స్ విద్యార్థిని
అదే నాకు నచ్చని సంగతి అండి. చివరి రెండు అంకెల మీదే మొత్తం జవాబు ఆధారపడితే, ఆ రెంటిలో ఒకటి విచిత్రమైన ఏడాది అయినప్పుడు ఏం చేస్తారు? 2021 మార్చి అంటే కోవిడ్ రెండో విడత మొదలవుతున్న రోజులు. హాస్టళ్లు ఎన్ని తెరిచి ఉన్నాయో, ఎందరు ఇంటి నుంచి పని చేస్తున్నారో! ఆ అంకె మామూలుకన్నా కిందికి ఉంటే రేటు ఊరికే పైకి వెళ్తుంది. అన్ని ఏళ్ల అంకెలకీ లాగ్ తీసి, గ్రాఫు మీద వాటి మధ్యగా ఒక గీత గీసి, ఆ గీత వాలు చూడటం నయం అంటాను. అన్ని ఏళ్లూ మాట్లాడతాయి.

మధురవాడ కిరణ్
నాలుగైదు చుక్కలకి గీత గీస్తే అది కూడా గట్టిదేం కాదు. పైగా బ్యాంకు వాళ్లు అడిగిన గడికి అర్థం మొదటిదీ చివరిదీ పట్టుకుని తీసే రేటే. గీత వాలు రాసి ఇస్తే వాళ్లు తిరిగి లెక్క కట్టుకుని 'ఇది కలవడం లేదే' అంటారు.

కంచరపాలెం స్టాట్స్ విద్యార్థిని
గడిలో అదే రాయమనండి. కింద ఒక వాక్యం, 2021 కోవిడ్ ఏడాది అని రాయడంలో నష్టమేముంది? 2022 లేదు కాబట్టి 2023 నుంచి 2025 రేటు కూడా పక్కన ఇస్తే ఇంకా మంచిది. నేను మాత్రం గీతే నయమంటాను.

గోపాలపట్నం టీచర్
మీ అందరి మాటలూ ఈరోజు క్లాసులో చదివి వినిపించాను. గాజువాక మాస్టారు పొలిమేర నడిచి వచ్చిందన్న మాట దగ్గర మొదటి పాప ముఖం విప్పారింది, తన లెక్క తప్పు కాదని తెలిసింది కదా. ఒక బాబు లేచి ఒక ప్రశ్న వేశాడు. 'టీచర్, ఇప్పుడు 2025 అయిపోయింది. ఈ 2.53తో ఇవాళ విశాఖలో ఎందరున్నారో చెప్పొచ్చా?' అని. ఇంకోడు చూపించిన కాగితంలో జీవీఎంసీ జనాభా 2011లోనే 20 లక్షలు దాటిందని ఉంది. దాన్ని ఏం చెయ్యాలి?

పాత ఎన్యూమరేటర్, గాజువాక
20 లక్షలు దాటిన అంకె కూడా పొలిమేర కథే అమ్మా. 2013లో అనకాపల్లి, భీమిలి జీవీఎంసీలో కలిశాయి. అలా కలిసిన ప్రాంతానికి 2011 జనాన్ని మళ్లీ కూడుకుంటే ఆ అంకె వస్తుంది. దాన్ని 13,45,938 పక్కన పెట్టకండి. పెడితే మొదటి పాప లెక్కే ఇంకో రూపంలో తిరిగి వస్తుంది.

ఇవాళ్టి జనాభా చెప్పొచ్చా అంటే, 'ఇదే రేటు నిలిచి ఉంటే' అని ముందు పెట్టి మాత్రమే చెప్పొచ్చు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. వచ్చేదానికి 2027 మార్చి 1 తేదీ పెట్టారు. 2011ది కూడా మార్చి 1నే. అంటే మధ్యలో కచ్చితంగా 16 ఏళ్లు. పిల్లలకి ఈ 16 గట్టిగా చెప్పండి. ఇన్నాళ్లూ జనగణన అనగానే చెయ్యి తనంతట తనే పదితో భాగించేది. ఈసారి పదో మూలం తీసినవాళ్లు ఊరు ఉన్నదానికన్నా వేగంగా పెరిగిందని రాసేస్తారు, చూడండి.

2.53 చొప్పున 16 ఏళ్లు నడిపితే 17,28,128 కాస్తా 25 లక్షల 78 వేలు అవుతుంది. రాజు బాబు 2.84తో అలాగే నడిపితే 27 లక్షలు దాటుతుంది. అక్కడ తేడా పావు శాతమే అన్నాడు కదా, ఇక్కడికి వచ్చేసరికి లక్షా పాతిక వేలమంది అయ్యారు. మొదటి పాప 75.8 శాతాన్ని నమ్మి నడిపితే 42 లక్షలు దాటిపోతుంది. మంచినీళ్ల పైపులు ఆ అంకె చూసి వేసేవాడు ఉంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

కానీ 25 లక్షల 78 వేలు అన్నది కూడా నేను చార్టు మీద రాయను. పెరుగుతున్న ఊళ్లలో రేటు సాధారణంగా పోను పోను తగ్గుతుంది. ఎంతలా తగ్గిందో జనగణన వస్తేగానీ తెలియదు.

రాజు బ్యాంక్ ప్రిపరేషన్
సర్, 16 ఏళ్ల మాట నిజంగా కొత్తగా ఉంది. ముందు రెండు జనగణనల మధ్య ఎప్పుడూ సరిగ్గా పదేళ్లేనా?

పాత ఎన్యూమరేటర్, గాజువాక
దాదాపుగా. 1961ది మార్చి 1, 1971ది ఏప్రిల్ 1. ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికలు ముందుకొచ్చి మార్చిలో పడ్డాయి. కాబట్టి అక్కడ పదేళ్ల ఒక నెల. అంత పట్టింపు చార్టుకి అక్కర్లేదు గానీ, తేదీ చూసే అలవాటు మంచిదే.

కంచరపాలెం స్టాట్స్ విద్యార్థిని
మాస్టారూ, ఒక ప్రశ్న. 2001 పట్టణ సముదాయం, 2011 జీవీఎంసీ విస్తీర్ణం 'దగ్గరగా ఉంటాయి' అన్నారు. ఎంత దగ్గర? కలిపిన 32 గ్రామాలూ 2001 సముదాయంలో ఉన్నాయా? కొన్ని బయట ఉండి ఉంటే 28.4లో కూడా కాస్త పొలిమేర కలిసినట్టే కదా.

పాత ఎన్యూమరేటర్, గాజువాక
మంచి ప్రశ్న అమ్మా. కొన్ని బయట ఉండి ఉంటే అసలు పెరుగుదల 28.4 కన్నా తక్కువ అవుతుంది, ఎక్కువ కాదు. కచ్చితంగా తేల్చాలంటే 2001 జిల్లా జనగణన పుస్తకం పట్టుకుని 32 గ్రామాలనీ ఒక్కొక్కటే సరిచూడాలి. నా దగ్గర ఆ పుస్తకం లేదు. జిల్లా గ్రంథాలయంలో దొరుకుతుందేమో ఈ వారం వెళ్లి అడుగుతాను.

గోపాలపట్నం టీచర్
అయితే సోమవారం చార్టు మీద ఇలా రాయిస్తున్నాను. 'విశాఖ పట్టణ సముదాయం 2001: 13,45,938. జీవీఎంసీ 2011: 17,28,128. పెరుగుదల సుమారు 28 శాతం, ఏడాదికి సగటున సుమారు 2.5 శాతం.' సుమారు అన్న మాట రెండుసార్లూ పిల్లలే పెట్టమన్నారు. పక్కనే మొదటి పాప తన 75.8ని కూడా రాసి, 2005 పొలిమేరని బొమ్మగా గీస్తోంది. మూడో పాప కింద జిల్లా అంకె రాసి, 2022 ఏప్రిల్‌లో జిల్లా మూడు ముక్కలైంది కాబట్టి 2027 అంకెతో దీన్ని నేరుగా పోల్చకూడదు అని తనే ఎర్ర స్కెచ్‌తో రాసుకుంది.

మాస్టారూ, గ్రంథాలయంలో పుస్తకం దొరికితే ఇక్కడ ఒక మాట చెప్పండి. ఆ పెట్టె దగ్గర కాస్త ఖాళీ ఉంచమన్నాను.

ఎంవీపీ టిఫిన్ యాప్
చిట్టా తీశాను. 2025 మార్చిలో ఆర్డరు పెట్టినవాళ్లు 2,620 మంది. 2021 నోటుబుక్కులో 2,000. నాలుగో మూలం తీస్తే ఏడాదికి 7 శాతం. బావమరిది మొహం చిన్నబోయింది గానీ కాగితంలో ఇదే రాస్తున్నాం, కింద కోవిడ్ వాక్యం కూడా.